ముద్ద కట్టలేదంటే లేనట్టేనా?

బ్లడ్ బ్యాంకులో గ్రూపు చూసే పని పైకి చాలా చిన్నది. తెల్ల టైలు మీద పక్కపక్కనే మూడు చుక్కలు వేస్తారు. నీలం రంగుది యాంటీ-ఏ, పసుపుది యాంటీ-బీ, రంగు లేనిది యాంటీ-డీ. సీసాలు తారుమారు కాకుండా కంపెనీవాళ్లు కలిపిన రంగులివి, పరీక్షకు వాటితో పనిలేదు. ప్రతి చుక్కకీ కాస్త రక్తం చేర్చి, దేనికి దానికి వేరే పుల్లతో కలిపి, టైలును చేత్తో మెల్లగా అటూ ఇటూ వంచుతారు. ఏ గ్రూపు రక్తమైతే కొద్ది సెకన్లలోనే నీలం చుక్కలో పాలు విరిగినట్టు ఎర్రటి పలుకులు తేలి, వాటి మధ్య ద్రవం తేటపడుతుంది. పసుపు చుక్క మాత్రం మార్పేమీ లేకుండా నున్నగా, ఎర్రగా ఉండిపోతుంది. ఫలితం రెండు నిమిషాల్లోపు చూసేయాలి. ఆలస్యమైతే చుక్క అంచులు ఎండిపోయి, ఆ ఎండిన కణాలే పలుకుల్లా కనపడతాయి.

గాయమైనప్పుడు రక్తం గడ్డకట్టడానికీ దీనికీ సంబంధం లేదు. అక్కడ ప్లాస్మాలోంచి పుట్టే ఫైబ్రిన్ దారాలు కణాలను చుట్టేస్తాయి. ఇక్కడ ఎర్రకణాలను ఒకదానితో ఒకటి కట్టిపడేసేది యాంటీబాడీ. శాస్త్రవేత్తలు దీన్ని అగ్లుటినేషన్ అంటారు. ల్యాబుల్లో మనవాళ్లు ‘ముద్ద కట్టింది’ అనో, ‘క్లంపింగ్ వచ్చింది’ అనో అనేస్తారు. ఎర్రకణం పొర మీద ఫలానా గుర్తు, అంటే యాంటీజెన్, ఉందని చెప్పడానికి ఆ ముద్దే సాక్ష్యం.

ముద్ద కనపడితే ఆ గుర్తు ఉందని దాదాపుగా నమ్మవచ్చు. కనపడకపోతే మాత్రం ఒక్కసారి ఆగాలి. ఆ గుర్తు నిజంగానే లేకపోవచ్చు. ఉండి, దానికి యాంటీబాడీ అతుక్కుని కూడా ముద్ద కట్టలేకపోవచ్చు. లేదా రెండూ కలిసిన పాళ్లు కుదరకపోవచ్చు. ఈ మూడింటికీ తేడా పట్టలేని ల్యాబు రోగి ప్రాణం మీదకు తెస్తుంది. తేడా ఎలా పడతారో తెలియాలంటే ముందు యాంటీబాడీ ఆకారం చూడాలి.

1950ల చివర్లో ఇంగ్లండులో రోడ్నీ పోర్టర్, అమెరికాలో జెరాల్డ్ ఎడెల్మన్ వేరువేరు దారుల్లో ఆ ఆకారాన్ని విప్పారు. 1972లో ఇద్దరూ కలిసి నోబెల్ అందుకున్నారు. ఎడెల్మన్ యాంటీబాడీలోని గొలుసులను కలిపి ఉంచే గంధకపు బంధాలను తెంచి, గొలుసులను విడదీశాడు. ఒక్కో యాంటీబాడీలో రెండు పెద్ద గొలుసులు, రెండు చిన్న గొలుసులు ఉంటాయని తేలింది. పోర్టర్ బొప్పాయి పాలలో ఉండే పపైన్ అనే ఎంజైముతో అదే యాంటీబాడీని కోశాడు. మూడు ముక్కలొచ్చాయి. వాటిలో రెండు ఒకేలా ఉన్నాయి, యాంటీజెన్‌ను పట్టుకున్నది అవే. మూడోది దేన్నీ పట్టుకోలేదు గానీ చల్లబెడితే స్ఫటికాలుగా పేరుకుంది. ఈ ఆధారాలన్నీ పేర్చుకుంటే ఇంగ్లిష్ ‘వై’ అక్షరం లాంటి బొమ్మ వచ్చింది: పైన రెండు చేతులు, కింద ఒక కాడ. చేతుల కొసలు ఒక్కో రకం యాంటీబాడీలో ఒక్కో తీరుగా ఉండి, తమకు సరిపడే యాంటీజెన్‌నే పట్టుకుంటాయి.

మన కథకు అసలు కీలకం దీని తర్వాత 1960లో ఆల్ఫ్రెడ్ నిసోనాఫ్ చేసిన పనిలో ఉంది. ఆయన పపైన్‌కు బదులు పెప్సిన్ వాడాడు. పెప్సిన్ కాడను నమిలేస్తుంది గానీ రెండు చేతులనూ విడదీయదు. పపైన్ కోసిన ఒంటి చేయి యాంటీజెన్‌ను చక్కగా పట్టుకుంటుంది, అయినా ముద్ద కట్టదు. పెప్సిన్ వదిలిన జంట చేతులు పట్టుకుంటాయి, ముద్దా కడతాయి. అంటే పట్టుకోవడం ఒక సంగతి, ముద్ద కట్టడం మరో సంగతి. రెండోది జరగాలంటే ఒక చేయి ఒక కణాన్నీ, ఇంకో చేయి పక్క కణాన్నీ పట్టాలి. మన కంటికి ఆనేది ఈ రెండోదే.

యాంటీబాడీల్లో ఐదు తరగతులున్నాయి. కాడ దగ్గరి పెద్ద గొలుసును బట్టి ఈ విభజన చేశారు. రక్తంలో నాలుగింట మూడు వంతులు ఐజీజీ. తల్లి నుంచి మాయ దాటి బిడ్డకు చేరేది ఇదొక్కటే. లాలాజలం, కన్నీళ్లు, చనుబాలలో కాపలా కాసేది ఐజీఏ. తుమ్ములు, దద్దుర్లు తెప్పించే ఎలర్జీలకు ఐజీఈ కారణం, రక్తంలో అది ఉండేది చాలా కొద్దిగా. ఐజీడీ ఎక్కువగా బీ-కణాల పొర మీదే ఉంటుంది. ముద్ద కట్టే పనిలో ఈ మూడింటికీ పెద్ద పాత్ర లేదు కాబట్టి ఇక్కడితో వదిలేద్దాం. మిగిలింది ఐజీఎం. కొత్త శత్రువు ఒంట్లోకి వచ్చినప్పుడు ముందు తయారయ్యేది ఇదే. ఐదు ‘వై’లు కాడలు లోపలికి పెట్టి చుట్టూ చేరితే ఒక ఐజీఎం. మొత్తం పది చేతులు, ఐజీజీ కంటే ఆరు రెట్ల బరువు.

ఆ పది చేతులు ఎంత పని చేస్తాయో ఎర్రకణాల దగ్గరే తెలుస్తుంది. ఎర్రకణాల పొర మీద సియాలిక్ ఆమ్లం వల్ల రుణావేశం ఉంటుంది. ఒకే ఆవేశమున్న కణాలు ఒకదాన్నొకటి నెట్టుకుంటాయి కాబట్టి సెలైన్‌లో తేలేటప్పుడు వాటి మధ్య ఎప్పుడూ కాస్త ఎడం ఉంటుంది. ఐజీఎం విశాలమైనది, ఆ ఎడం దాటి రెండు కణాలను కలపగలదు. ఐజీజీ రెండు చేతులూ బార్లా చాపినా ఆ ఎడం చాలదు. ఏ, బీ గుర్తుల మీద మన ఒంట్లో సహజంగా ఉండే యాంటీబాడీలు ఎక్కువగా ఐజీఎం రకానివి. 1900-01 ప్రాంతంలో వియన్నాలో కార్ల్ లాండ్‌స్టైనర్ తన సహోద్యోగుల రక్తాలను ఒకరి సీరంతో ఇంకొకరి కణాలు కలిపి చూసి, గ్రూపులను అంత తేలిగ్గా కనిపెట్టగలిగాడంటే కారణం అదే. కణాలను కలపగానే ముద్దలు కట్టాయి.

ఆర్‌హెచ్ దగ్గర ఇంత సులువుగా జరగలేదు. పాజిటివ్, నెగటివ్ అని మనం చెప్పుకునేది డీ అనే యాంటీజెన్ గురించి. నెగటివ్ తల్లి కడుపులో పాజిటివ్ బిడ్డ పెరిగితే, కాన్పు సమయంలో బిడ్డ రక్తం తల్లి రక్తంలో కలిసి, ఆమె ఒంట్లో డీ మీద యాంటీబాడీలు తయారు కావచ్చు. అవి ఐజీజీ రకానివి. తర్వాతి గర్భంలో మాయ దాటి వెళ్లి బిడ్డ ఎర్రకణాలను నాశనం చేస్తాయి. అలాంటి తల్లి సీరంలో పాజిటివ్ కణాలు వేసి చూస్తే సెలైన్‌లో ముద్ద కట్టవు. ప్రతి కణానికీ యాంటీబాడీలు నిండుగా అతుక్కుని ఉన్నా పరీక్ష నెగటివ్‌గానే కనిపిస్తుంది. మొదట చెప్పుకున్న మూడింటిలో రెండో చిక్కు ఇదే.

దీనికి 1945లో కేంబ్రిడ్జిలో రాబిన్ కూంబ్స్, మౌరాంట్, రేస్‌లతో కలిసి ఒక దారి కనిపెట్టాడు. యాంటీబాడీ కూడా ఒక ప్రొటీనే. మనిషి యాంటీబాడీలను కుందేలుకు ఎక్కిస్తే, కుందేలు వాటినే పరాయివిగా చూసి వాటి మీద యాంటీబాడీలు తయారు చేస్తుంది. ఆ కుందేలు సీరాన్ని చేరిస్తే, కణాల మీద అతుక్కుని ఉన్న ఐజీజీలను అది జంటలు జంటలుగా పట్టుకుంటుంది. చాలని వారధికి ఇంకో అరేవేసినట్టయి, కణాలు ముద్ద కడతాయి. నెగటివ్ గ్రూపు గర్భిణులకు డాక్టర్లు రాసే ‘ఐసీటీ’ ఇదే, ఇన్‌డైరెక్ట్ కూంబ్స్ టెస్ట్.

ఈ పరీక్షలో ఎక్కువ తప్పులు జరిగేది కడగడంలో. సీరం, కణాలు కలిపి 37 డిగ్రీల వేడిలో కొంతసేపు ఉంచాక, కణాలను సెలైన్‌తో కనీసం మూడుసార్లు కడగాలి. సీరంలో ఏ కణానికీ అతుక్కోని ఐజీజీ బోలెడంత ఉంటుంది. అందులో కొంచెం మిగిలినా, మనం వేసిన కుందేలు సీరమంతా దాన్ని పట్టుకోవడంలోనే ఖర్చయిపోతుంది. కణాల దాకా ఏమీ చేరదు. ఫలితం నెగటివ్! అందుకే తెలిసిన ల్యాబులో నెగటివ్ వచ్చిన ప్రతి ట్యూబులోనూ ఇంకో చుక్క వేస్తారు. అందులో ముందే ఐజీజీ పూత పూసిన కణాలుంటాయి. కుందేలు సీరం ఇంకా పనిచేస్తుంటే ఇవి ముద్ద కట్టాలి. కట్టకపోతే ఆ నెగటివ్‌ను నమ్మకుండా పరీక్ష మొదటి నుంచి మళ్లీ చేయాలి. టెక్నీషియన్లలో పనిమంతులెవరో నాకైతే ఈ ఒక్క చుక్క వేయడంలోనే తెలిసిపోతుంది.

ఇప్పుడు నిజంగా లేని యాంటీజెన్ సంగతి. 1952లో వై.ఎం. భెండే, సహచరులు బొంబాయిలో కనిపెట్టి లాన్సెట్ పత్రికలో రాసినందుకు దానికి ‘బాంబే బ్లడ్ గ్రూప్’ అన్న పేరు నిలిచింది. మన దేశంలో సుమారు పది వేల మందిలో ఒకరిది ఈ గ్రూపని చెబుతారు. ఐరోపాలో ఇది ఇంకా చాలా అరుదు.

ఏ, బీ గుర్తులు రెండూ హెచ్ అనే చక్కెర గొలుసు కొసన కట్టినవే. హెచ్ కొసన ఒక రకం చక్కెర చేరితే ఏ, మరో రకం చేరితే బీ, ఏదీ చేరకపోతే ఓ. అంటే ఓ గ్రూపు కణాల మీద హెచ్ నిండుగా ఉంటుంది. బాంబే గ్రూపువాళ్లకు ఆ హెచ్ కూడా ఉండదు. వాళ్ల సీరంలో ఏ, బీలతో పాటు హెచ్ మీద కూడా బలమైన యాంటీబాడీలుంటాయి. ఓ గ్రూపు సంచి ఎక్కిస్తే ఎక్కించిన కణాలు వాళ్ల ఒంట్లో పగిలిపోతాయి.

ఆపరేషన్‌కు వచ్చిన ఒక రోగి నమూనాను ల్యాబులో వరసగా చూసుకుంటూ పోదాం. టైలు మీద యాంటీ-ఏ చుక్కలో ముద్ద లేదు, యాంటీ-బీలో లేదు, యాంటీ-డీలో ఉంది. ఇక్కడితో ఆపేస్తే కార్డు మీద ‘ఓ పాజిటివ్’ అని రాసేస్తారు. రెండో సగం రివర్స్ గ్రూపింగ్. రోగి సీరం తీసుకుని, తెలిసిన ఏ కణాలతో, బీ కణాలతో, ఓ కణాలతో విడివిడిగా కలుపుతారు. ఓ గ్రూపు మనిషి సీరం ఏ, బీ కణాలను ముద్ద కట్టిస్తుంది, ఓ కణాలను ఏమీ చేయదు. ఈ రోగి సీరం మూడింటినీ ముద్ద కట్టించింది.

చాలా చిన్న ల్యాబుల్లో ఈ మూడో ట్యూబు పెట్టరు. ఏ, బీ కణాలతో సరిపెడతారు. అప్పుడు ఈ రోగి పక్కా ఓ గ్రూపుగానే కనిపిస్తాడు. ఇక ఆపదను ఆపేది క్రాస్‌మ్యాచ్ ఒక్కటే. తెచ్చిన ఓ సంచులన్నీ ఒకదాని తర్వాత ఒకటి సరిపడటం లేదని తేలుతుంది.

మూడో ట్యూబు చూసిన టెక్నీషియన్‌కు రెండు అనుమానాలొస్తాయి. సొంత కణాల మీదే యాంటీబాడీలు తయారయ్యే రోగుల్లోనూ ఓ కణాలు ముద్ద కడతాయి. అది తేల్చడానికి రోగి సీరాన్ని రోగి కణాలతోనే కలుపుతారు. ముద్ద కట్టలేదు, కాబట్టి ఆ అనుమానం పోయింది. చివరగా ఐరోపాలో పెరిగే గోర్స్ అనే ముళ్ల పొద విత్తనాల సారం వేస్తారు. అది హెచ్‌ను పట్టుకుంటుంది. మామూలు ఓ కణాలు గట్టిగా ముద్ద కట్టాయి, రోగి కణాలు మాత్రం కదలలేదు. బాంబే గ్రూపే. ఇక రక్తం దొరికే చోటు ముందుగా రోగి అన్నదమ్ముల్లో, అక్కచెల్లెళ్లలో వెతకాలి. తల్లిదండ్రుల ఇద్దరి నుంచీ లోపమున్న జన్యువు వస్తేనే ఈ గ్రూపు వస్తుంది కాబట్టి, తోబుట్టువుల్లో ఒక్కొక్కరికి నాలుగింట ఒక వంతు అవకాశం ఉంటుంది.

విత్తనాల మాట వచ్చింది కాబట్టి చెప్పాలి. మనం చారు కాచుకునే ఉలవల్లోనూ ఇలాంటి ప్రొటీనే ఒకటుంది. ఏ గ్రూపులో ఏ1, ఏ2 అనే ఉపజాతులను విడదీయడానికి బ్లడ్ బ్యాంకుల్లో ఉలవల సారాన్నే వాడతారు. తగుపాళ్లలో పలచబరిస్తే ఏ1 కణాలను ముద్ద కట్టిస్తుంది, ఏ2ను వదిలేస్తుంది. అది యాంటీబాడీ కాదు, అయినా దానికి ఒకటి కంటే ఎక్కువ చోట్ల పట్టు ఉంది. ముద్ద కట్టడానికి కావలసింది అదే కదా.

ఇంతవరకూ యాంటీజెన్ ఒక కణం మీద కూర్చుని ఉంది. అదే ద్రవంలో కరిగి ఉన్న ప్రొటీన్ అయితే? యాంటీబాడీలు ఆ అణువులను ఒకదానితో ఒకటి కలుపుతూ పోగా, ఆ వల పెద్దదై నీటిలో నిలవలేక తెల్లటి మడ్డిగా దిగిపోతుంది. దీన్ని అవక్షేపణం, ప్రెసిపిటేషన్ అంటారు. నేరాలకు సంబంధించిన చరిత్రలో దీనికి ఒక పేరున్న కేసు ఉంది.

1901 వేసవిలో జర్మనీకి చెందిన రూగెన్ దీవిలో ఇద్దరు చిన్న పిల్లలు, అన్నదమ్ములు, దారుణంగా హత్యకు గురయ్యారు. లుడ్విగ్ టెస్నో అనే వడ్రంగిని అనుమానించారు. అతని బట్టల మీద మరకలున్నాయి. అవి కొయ్యకు పూసే రంగు మరకలన్నాడు. అంతకు మూడేళ్ల క్రితం మరో ఊళ్లో ఇద్దరు బాలికల హత్య కేసులోనూ అదే మాట చెప్పి బయటపడ్డాడు. ఆ దగ్గర్లోనే కొన్ని గొర్రెలను చీల్చి చంపి పారిపోయిన మనిషిని చూసిన ఒకతను కూడా టెస్నోనే గుర్తుపట్టాడు. ఆ ఏడాదే గ్రైఫ్స్‌వాల్డ్‌లో పాల్ ఊలెన్‌హూత్ మనిషి రక్తాన్ని జంతువుల రక్తం నుంచి వేరు చేసే పరీక్షను ప్రకటించి ఉన్నాడు. బట్టలు ఆయనకు పంపారు.

పరీక్ష విధానం ఇది. మనిషి సీరాన్ని కుందేలుకు కొన్ని విడతలుగా ఎక్కించి, మనిషి ప్రొటీన్ల మీద యాంటీబాడీలున్న సీరాన్ని తయారు చేసుకుంటారు. మరకను సెలైన్‌లో నానబెట్టి, వడగట్టి తేటపరుస్తారు. సన్నటి గాజు గొట్టంలో కుందేలు సీరం పోసి, దాని మీద మరక సారాన్ని కలవకుండా నెమ్మదిగా నిలబెడతారు. మనిషి ప్రొటీన్ ఉంటే రెండూ కలిసే చోట తెల్లటి ఉంగరం కడుతుంది. గొర్రె ప్రొటీన్ల మీద తయారు చేసిన సీరంతో గొర్రె రక్తాన్నీ ఇలాగే పట్టవచ్చు. టెస్నో బట్టల మీద కొన్ని మరకల్లో మనిషి రక్తం, కొన్నింటిలో గొర్రె రక్తం తేలాయి.

మూడో చిక్కయిన పాళ్ల సంగతి ఈ ఉంగరంలోనే దాగి ఉంది. పది ట్యూబుల్లో ఒకే కొలత యాంటీబాడీ పోసి, యాంటీజెన్‌ను మాత్రం ట్యూబు ట్యూబుకీ పెంచుకుంటూ పోతే మడ్డి మొదట పెరుగుతుంది, నడిమి ట్యూబుల్లో బాగా దిగుతుంది, తర్వాత తగ్గిపోతుంది. చివరి ట్యూబుల్లో యాంటీజెన్ అన్నిటికంటే ఎక్కువగా ఉంది, మడ్డి మాత్రం లేదు. యాంటీజెన్ మరీ ఎక్కువైతే ఒక్కో యాంటీబాడీ రెండు చేతులకూ చెరొక అణువు దొరికేస్తుంది. పంచుకోవలసిన అవసరం లేక వల అల్లుకోదు. అవతలి వైపు యాంటీబాడీ మరీ ఎక్కువైనా ఇదే జరుగుతుంది. ప్రతి అణువునూ యాంటీబాడీలు చుట్టూ కప్పేసి, పక్క అణువుకు చోటు మిగలనివ్వవు. 1930ల్లో హైడెల్‌బర్గర్, కెండాల్ ఈ మడ్డిని తూకం వేసి లెక్క కట్టారు. 1934లో మరాక్ వల సిద్ధాంతంతో దాన్ని వివరించాడు.

ఆసుపత్రుల్లో ఈ చిక్కు ఎదురయ్యేది సిఫిలిస్‌కు చేసే వీడీఆర్ఎల్ పరీక్షలో. వ్యాధి రెండో దశలో యాంటీబాడీలు విపరీతంగా ఉంటాయి. పలచబరచని సీరంతో చేస్తే కొందరికి నెగటివ్ రావచ్చు. ఒంటి నిండా దద్దుర్లుండి రిపోర్టు నెగటివ్ వస్తే, అదే సీరాన్ని ఎనిమిది వంతులు, పదహారు వంతులు పలచబరిచి మళ్లీ చేయమని డాక్టరు ల్యాబుకు చెప్పాలి. నీళ్లు కలిపిన కొద్దీ పాజిటివ్ అయ్యే పరీక్ష!

పాళ్ల బెడదను తెలివిగా తప్పించుకున్నవాడు స్వీడన్‌కు చెందిన ఔక్టర్లోనీ. 1940ల చివర్లో ఆయన అగార్ జెల్‌లో చిన్న గుంతలు చేసి, మధ్య గుంతలో సీరం, చుట్టూ గుంతల్లో పరీక్షించవలసిన సారాలు పోశాడు. రెండూ జెల్‌లో ఎదురెదురుగా మెల్లగా పాకుతూ పలచబడతాయి. ఎక్కడో ఒకచోట పాళ్లు వాటంతటవే కుదురుతాయి. ఒకటి రెండు రోజుల్లో అక్కడ తెల్లటి గీత పడుతుంది. పక్కపక్క గుంతల గీతలు వంగి కలిసిపోతే రెండింటిలోనూ ఉన్నది ఒకే యాంటీజెన్. ఒకదాన్నొకటి దాటి వెళ్తే వేరువేరువి. కలిసిన చోట ఒక గీతకు చిన్న కొమ్ములా తోక మిగిలితే కొంత పోలిక, కొంత తేడా ఉన్నట్టు.

పోలిన ప్రొటీన్ల దగ్గర ఈ పద్ధతి తడబడుతుంది. మనిషి మీద తయారు చేసిన సీరం కోతి రక్తంతోనూ కొంత మడ్డి కడుతుంది. గొర్రె, మేక ప్రొటీన్లు దాదాపు ఒకేలా ఉంటాయి కాబట్టి పట్టుబడిన మాంసం వాటిలో దేనిదో తేల్చడం కష్టం. ఆవు, గేదెల సంగతీ అంతే. కొంత దారి ఉంది: గొర్రె మీద చేసిన సీరంలో ముందుగా మేక ప్రొటీన్ కలిపి, రెండింటికీ ఉమ్మడిగా అతుక్కునే యాంటీబాడీలను మడ్డిగా దింపేసి, మిగిలిన సీరాన్ని వాడటం. మాంసాన్ని వండేస్తే అదీ సాగదు. వేడికి ప్రొటీన్ల ఆకారం చెదిరిపోయి, యాంటీబాడీ పట్టుకునే చోటే మిగలదు. అలాంటి నమూనాల్లో జంతువు ఏదో తేల్చడానికి డీఎన్ఏ వైపు వెళ్లాలి. అడవి జంతువుల మాంసం, చర్మం కేసుల్లో ఏ జాతిదైనా గుర్తుపట్టే డీఎన్ఏ పద్ధతిని హైదరాబాదులోని సీసీఎంబీ శాస్త్రవేత్తలు రూపొందించారు. వండిన కూరలో సన్నగా తెగిపోయిన డీఎన్ఏ ముక్కలే మిగులుతాయి, అయినా జాతి పేరు చెప్పడానికి చాలాసార్లు ఆ ముక్కలు సరిపోతాయి.